ఇంగ్లిష్‌లో చదివామని ఎవరు చెప్పాలి?

విదేశాలకు వెళ్లే పిల్లల ఫైళ్లలో ఓడీ, పీసీ, మార్కుల మెమోలు, ట్రాన్స్‌క్రిప్టులు ఎప్పటినుంచో ఉన్నవే. ఈమధ్య వాటి సరసన ఇంకో కాగితం చేరింది. మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ లెటర్ అంటారు. పిల్లలు పొదుపుగా ఎంవోఐ అనేస్తున్నారు. పేజీ కూడా నిండని ఉత్తరం. ఫలానా వారు ఫలానా డిగ్రీని ఇంగ్లిష్ మీడియంలో చదివారని యూనివర్సిటీ రాసివ్వడమే అందులో ఉన్న విషయం. నేను ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఉత్తరాలు నా బల్ల మీదుగా చాలానే వెళ్లాయి. చూడ్డానికి చిన్న కాగితమే అయినా, అందులో ఒక్క ముక్క తక్కువైతే అవతలి దేశంలో ఫైలు ఆగిపోతుంది. ఆ ముక్క ఏమిటో ఈ పూట చెబుతాను.

అసలు అవతలివాళ్లకు ఈ అనుమానం ఎందుకొస్తుంది? మనవాళ్లు చాలామంది చిరాకుపడతారు. "బీఎస్సీ ఇంగ్లిష్‌లో కాకపోతే ఇంకెందులో చదువుతారండీ" అంటారు. కానీ మన రాష్ట్రాల సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టిందే ఉర్దూ మాధ్యమంతో. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, డిగ్రీ స్థాయిలో భౌతికశాస్త్రం మొదలుకుని వాణిజ్యశాస్త్రం దాకా తెలుగులో పుస్తకాలు వేసింది. ఆ పుస్తకాలతోనే బీఏ, బీకామ్, బీఎస్సీ పూర్తిచేసినవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోకే మారాలన్న ప్రభుత్వ నిర్ణయం 2021-22 విద్యా సంవత్సరం నుంచి వచ్చింది. అంటే అంతకుముందు ఒకే కాలేజీలో, ఒకే గ్రూపులో, ఒక సెక్షన్ తెలుగులో, పక్క సెక్షన్ ఇంగ్లిష్‌లో చదివిన రోజులున్నాయి. ఇద్దరికీ వచ్చిన డిగ్రీ పట్టా మాత్రం ఒకటే. పట్టా చూసి ఎవరు ఏ మీడియమో చెప్పడం మనకే కష్టం. లండన్‌లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? అందుకే అడుగుతాడు.

అయితే ఈ ఉత్తరాన్ని అందరూ అడగరు. ఇక్కడే మనవాళ్లు డబ్బూ, తిరుగుడూ వృథా చేసుకుంటున్నారు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ సంగతి చూడండి. అక్కడ చదువును మదింపు చేసే వెస్ లాంటి సంస్థలు చూసేది మీ డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానమా కాదా అన్నదే. అందుకు కావలసినవి ట్రాన్స్‌క్రిప్టులు. ఇంగ్లిష్ సంగతి వేరే లెక్క. దానికి ఐఎల్టీఎస్ లాంటి పరీక్ష రాసి తీరాలి. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాడు కూడా రాయాల్సిందే. ఆ ఫైల్లో ఎంవోఐ పెట్టినా ఒక్క పాయింటు కలవదు. జర్మనీలోనూ అమెరికాలోనూ ఏ విశ్వవిద్యాలయం తీరు దానిదే. కొన్ని ఈ ఉత్తరం చూసి ఇంగ్లిష్ పరీక్ష మాఫీ చేస్తాయి, కొన్ని చేయవు. ఏజెంటు చెప్పాడనో, పక్కింటి అబ్బాయి తెచ్చుకున్నాడనో బయల్దేరకుండా, మీరు దరఖాస్తు పెట్టే చోట కావలసిన కాగితాల పట్టికలో ఈ పేరు ఉందా అని ముందు చూసుకోండి.

ఈ ఉత్తరం నిజంగా బరువు మోసే చోటు బ్రిటన్. అక్కడ స్కిల్డ్ వర్కర్ వీసాకు ఇంగ్లిష్ వచ్చని రుజువు చూపాలి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి కొన్ని దేశాల పౌరులకు మినహాయింపు ఉంది. ఆ జాబితాలో మన దేశం లేదు. కాబట్టి మనవాళ్లకు ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, వాళ్లు ఆమోదించిన ఇంగ్లిష్ పరీక్ష రాయడం. రెండోది, ఇంగ్లిష్‌లో బోధించిన డిగ్రీ మనకు ఉందని నిరూపించుకోవడం. ఈ రెండో దారిలో వెళ్లేవాళ్లు యూకే ఎనిక్ అనే సంస్థ గుమ్మం తొక్కాలి. 2021 దాకా దాన్నే నారిక్ అనేవాళ్లు. నడిపేది ఎక్టిస్ అనే సంస్థ. వాళ్లు రెండు ప్రశ్నలు వేసుకుంటారు. మీ డిగ్రీ బ్రిటిష్ బ్యాచిలర్ డిగ్రీకో అంతకంటే పై డిగ్రీకో సమానమా? దాన్ని ఇంగ్లిష్‌లో బోధించారా? మొదటిదానికి జవాబు మీ పట్టాలో, మెమోల్లో ఉంటుంది. రెండోదానికి జవాబు చెప్పేది మన ఉత్తరం. వీసా అధికారి మన యూనివర్సిటీ ఉత్తరాన్ని నేరుగా చదివి నిర్ణయం చేయడు. ఎనిక్ వాళ్లు చదివి, తృప్తిపడి, తమ పేరుతో ఒక ధ్రువపత్రం ఇస్తారు. ఆయన చూసేది దాన్ని. కాబట్టి మన ఉత్తరం చదివే మనిషి రోజూ ప్రపంచంలోని అన్ని దేశాల పట్టాలూ తిరగేసేవాడు. లోపం ఎక్కడుందో వెతకడమే అతని ఉద్యోగం.

ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన ప్లాస్టిక్ ఫోల్డరు చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన కూతురు కృష్ణా జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో 2006 నుంచి 2009 దాకా బీఎస్సీ చదివింది. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. పెళ్లయి భర్తతో బ్రిటన్ వెళ్లింది. అక్కడ స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఉద్యోగం దొరికింది. ఎంవోఐ కావాలంటే ఈయన వెళ్లి కాలేజీ ప్రిన్సిపాలు దగ్గర ఉత్తరం తెచ్చాడు. "అన్నయ్యగారూ, ఇది చాలుతుందంటారా?" అని నా చేతిలో పెట్టాడు.

చక్కటి లెటర్‌హెడ్డు, గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సంతకం. చూడముచ్చటగా ఉంది. కానీ లెటర్‌హెడ్డు పైన ఆ కాలేజీ కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధమని అచ్చయి ఉంది. ఆ అమ్మాయి ఓడీ మీద ఉన్నది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. ప్రిన్సిపాలుగారి తప్పేం లేదు. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకుముందు ఆ జిల్లా కాలేజీలు నాగార్జున కింద ఉండేవి. ఆ అమ్మాయి చేరిన సంవత్సరానికి కొత్త యూనివర్సిటీ పుట్టనే లేదు. ఇప్పటి లెటర్‌హెడ్డు మీద ఇప్పటి అనుబంధం ఉంటుంది, అది న్యాయమే. కానీ ఇదంతా తెలియని మనిషి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏమనుకుంటాడు? డిగ్రీ ఇచ్చిందొకరు, సాక్ష్యం చెబుతున్నది ఇంకొకరు అనుకుంటాడు. 2006కూ 2008కూ మధ్య మన రెండు ప్రాంతాల్లో ఇలా చాలా కొత్త విశ్వవిద్యాలయాలు వచ్చాయి. రాజమండ్రిలో ఆదికవి నన్నయ, కడపలో యోగి వేమన, నల్గొండలో మహాత్మాగాంధీ, కరీంనగర్‌లో శాతవాహన. జేఎన్టీయూ కూడా 2008లోనే హైదరాబాదు, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఆ మలుపులో చదివినవాళ్లందరికీ ఈ చిక్కు ఉంటుంది. ఉత్తరం ఇవ్వాల్సింది ఇప్పుడు కాలేజీ ఎవరి కింద ఉందో వాళ్లు కాదు, ఓడీ మీద ఎవరి పేరుందో వాళ్లు.

ఆ ఉత్తరంలో ఇంకో సంగతి. అందులో అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, అత్తవారి ఇంటిపేరుతో రాశారు. తండ్రే అలా రాయించాడు, పాస్‌పోర్టుకు సరిపోవాలని. అది పొరపాటు ఆలోచన. యూనివర్సిటీ రికార్డులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. అది కూడా ఒక్క అక్షరంగా. యూనివర్సిటీ సాక్ష్యం చెప్పగలిగింది తన రికార్డులో ఉన్న మనిషి గురించే. కాబట్టి ఉత్తరంలో పేరు అచ్చంగా ఓడీలో ఉన్నట్టే ఉండాలి. కింద హాల్‌టికెట్ నంబరు ఉండాలి. ఆ పేరు మనిషీ, పాస్‌పోర్టు పేరు మనిషీ ఒకరేనని చూపడానికి పెళ్లి ధ్రువపత్రం ఉంది. ఆ పని ఉత్తరం మీద వేయకూడదు.

ఇక అసలు వాక్యం. ప్రిన్సిపాలుగారు రాసింది "మా కాలేజీలో మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఇంగ్లిష్" అని. నిజమే కావచ్చు. కానీ అది కాలేజీ గురించి చెప్పిన మాట, ఆ అమ్మాయి గురించి చెప్పిన మాట కాదు. పైగా పాఠం ఏ భాషలో చెప్పారో ఉంది గానీ, పరీక్ష ఏ భాషలో రాసిందో లేదు. మన డిగ్రీ ప్రశ్నపత్రాలు రెండు భాషల్లో అచ్చయి వచ్చేవని, ఇంగ్లిష్ సెక్షన్‌లో కూర్చుని తెలుగులో జవాబులు రాసినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే వాక్యంలో "మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ అండ్ ఎగ్జామినేషన్" అని రెండూ ఉండాలి. ఏ నెల ఏ సంవత్సరం నుంచి ఎప్పటిదాకా అన్నది ఉండాలి. కోర్సు మొత్తానికీ అన్న మాట ఉండాలి.

ఆ "మొత్తానికీ" అన్న మాటతోనే ఇంకో పేచీ. ఆ అమ్మాయి మెమోలు తిప్పి చూశాను. మొదటి భాగం ఇంగ్లిష్, రెండో భాగం సంస్కృతం, మూడో భాగంలో గ్రూపు సబ్జెక్టులు. మన బీఏ, బీకామ్, బీఎస్సీల్లో సెకండ్ లాంగ్వేజీ కింద తెలుగో, హిందీయో, సంస్కృతమో తప్పదు కదా. ఉత్తరంలో "కోర్సంతా ఇంగ్లిష్‌లోనే" అని ఉండి, మెమోలో సంస్కృతం కనబడితే, వెతికేవాడికి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టే. కాబట్టి "సెకండ్ లాంగ్వేజీ పేపర్లు మినహా" అని ఉత్తరమే ముందుగా చెప్పేయాలి. నా అనుభవంలో ఇంజినీరింగ్, ఫార్మసీ పిల్లలకు ఈ గొడవ రాదు. ఎక్కువగా వచ్చేది మామూలు డిగ్రీవాళ్లకు.

నేనాయనతో చెప్పాను. "కాలేజీ ఉత్తరాన్ని పారేయకండి, అది ఆధారంగా పనికొస్తుంది. కానీ యూనివర్సిటీ ఉత్తరం వేరే తీసుకోవాలి" అని. దరఖాస్తు ఎగ్జామినేషన్స్ కంట్రోలరు పేర రాశాం. కొన్నిచోట్ల ఇది రిజిస్ట్రారు కార్యాలయం పని. ముందు కనుక్కుని పేరు మార్చుకోవాలి. దానికి జతగా ఓడీ, మార్కుల మెమోల జిరాక్సులు, అమ్మాయి పాస్‌పోర్టు కాపీ, తండ్రి ఆధార్ కాపీ పెట్టాం. తన తరఫున తండ్రి కాగితాలు తీసుకోవడానికి అంగీకారం అంటూ అమ్మాయి సంతకంతో ఒక ఆథరైజేషన్ లెటరు తెప్పించాం. కాలేజీ టీసీ కూడా పెట్టాం, ఎందుకంటే చాలా కాలేజీల టీసీల్లో మీడియం అనే గడి ఉంటుంది. అమ్మాయి దాచుకున్న హాల్‌టికెట్ దొరికితే అదీ పెట్టాం. సెక్షన్‌లో కూర్చున్న అసిస్టెంటుకు పదిహేనేళ్ల నాటి పరీక్ష దరఖాస్తు వెతికే పని తగ్గుతుంది. అతని పని ఎంత తగ్గిస్తే మన కాగితం అంత త్వరగా కదులుతుంది. ఇది ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్న మాట.

వీటన్నిటికంటే పనికొచ్చింది ఇంకొకటి. ఉత్తరం ఎలా ఉండాలో ఒక నమూనా టైపు చేయించి దరఖాస్తుకు జతచేశాం. చాలామంది ఇది అమర్యాద అనుకుంటారు. కాదు. సెక్షన్‌లో సాధారణంగా ఒక పాత ఫార్మాటు ఉంటుంది, ఎప్పుడో ఎవరో టైపు చేసింది. పేరూ నంబరూ మార్చి దాన్నే ఇస్తారు. అందులో "ఎగ్జామినేషన్" అన్న మాట లేకపోతే లేనట్టే. ఇచ్చాక మళ్లీ మార్చమని అడగడం కంటే ముందే ఫలానా విధంగా కావాలని మర్యాదగా అడగడం ఇద్దరికీ మంచిది. ఫార్మాటు మార్చడం కుదరదంటే, కనీసం ఆ ఒక్క వాక్యం చేర్చమని అడగండి.

ఉత్తరం చేతికొచ్చాక కౌంటరు దాటకముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు పైన ఎడమవైపు చూడండి. అక్కడ అవుట్‌వర్డ్ నంబరూ తేదీ ఉండాలి. ప్రతి సెక్షన్‌లో బయటికి వెళ్లే ఉత్తరాలకు ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది, ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటర్‌లోకి మారింది. అందులో వరుస నంబరు, తేదీ, ఎవరికి, ఏ విషయం అన్న గడులు ఉంటాయి. తొందరలో సంతకం చేయించి, నంబరు వేయించకుండా తెచ్చుకునేవాళ్లను చూశాను. కాగితం అసలైనదే. సంతకమూ అసలైనదే. కానీ అవతలి సంస్థవాళ్లు ఆర్నెల్ల తర్వాత "ఈ ఉత్తరం మీరిచ్చిందేనా" అని మెయిల్ పెడితే, అప్పటికి సంతకం చేసిన అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు. కొత్తాయన రిజిస్టరు తెప్పించి చూస్తాడు. నంబరు లేదు. "మా రికార్డులో లేదు" అని జవాబిస్తాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆ జవాబు అందుకున్నవాడికి మీ ఉత్తరం దొంగ ఉత్తరం.

అందుకే సంతకం కింద అధికారి పేరు, హోదా ముద్రలో స్పష్టంగా ఉండాలి. వట్టి గిలుకుడు సంతకం చాలదు. సెక్షన్ ఫోను నంబరు, యూనివర్సిటీ సొంత మెయిల్ చిరునామా ఉండాలి. కాలేజీలు జీమెయిల్ వాడటం మనకు మామూలు. కానీ జీమెయిల్ ఎవరైనా తెరవచ్చు కాబట్టి పరిశీలించేవాళ్లు దాన్ని నమ్మరు. వాళ్లు యూనివర్సిటీ వెబ్‌సైటులో కనిపించే చిరునామాకే రాస్తారు. దానికి జవాబిచ్చేది ఎవరో కౌంటరులోనే అడిగి తెలుసుకుని, ఫలానా చోటి నుంచి మెయిల్ రావచ్చని చెప్పి వస్తే ఇంకా మేలు. ఒరిజినళ్లు ఒకటికి రెండు తీసుకోండి. ఏదైనా సంస్థ సీలు వేసిన కవరులో పంపమంటే, కవరు అంటించిన చోట అడ్డంగా సంతకం, ముద్ర ఉండాలి. ఆ కవరును ఇంట్లో మీరు విప్పి చూశారంటే అది ఇక చెల్లదు.

మా వీధి పెద్దాయన కూతురి సంగతి చెప్పాలి కదా. నాగార్జున విశ్వవిద్యాలయం ఉత్తరం వచ్చింది, ఆమె స్కాన్ చేసి ఎనిక్‌కు పెట్టింది. అంచులు కత్తిరించకుండా, ముద్ర రంగు కనబడేలా చేయమని ఆమెకు చెప్పాం. ఫోనుతో ఫొటో తీసి, అడ్డదిడ్డంగా కోసి పంపితే మంచి ఉత్తరం కూడా అనుమానంగా కనిపిస్తుంది. ఆమెకు ధ్రువపత్రం వచ్చింది.

ఇక నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న. "సార్, నేను తెలుగు మీడియం. ఇంగ్లిష్ అని రాసిస్తారా?" ఇవ్వరు, ఇవ్వకూడదు. ఇప్పిస్తామని తిరిగే బ్రోకర్లు ఉన్నారు. వాళ్ల మాట వినకండి. బ్రిటన్ వీసా దరఖాస్తులో దొంగ కాగితం పెట్టారని తేలితే ఆ వీసా పోవడంతో ఆగదు, పదేళ్లపాటు మళ్లీ రానివ్వని పరిస్థితి వస్తుంది. తెలుగు మీడియంవాళ్లకు దారి లేకపోలేదు. డిగ్రీ తెలుగులో చదివి, తర్వాత ఎంసీఏయో ఎమ్మెస్సీయో ఇంగ్లిష్‌లో చేసినవాళ్లు చాలామంది. వాళ్లు డిగ్రీ జోలికి వెళ్లకుండా పీజీకి మాత్రమే ఉత్తరం తీసుకోవచ్చు. పీజీ డిగ్రీ బ్రిటిష్ స్థాయికి సరితూగితే ఆ దారి చాలు. అదీ లేనివాళ్లకు పరీక్ష ఉంది. యూకే వీసా కోసం ఐఎల్టీఎస్ రాస్తే ఆ ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం చేతిలో ఉండి, తారీకు తరుముకొస్తుంటే, ఇంగ్లిష్ మీడియంవాళ్లు కూడా యూనివర్సిటీ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా పరీక్ష రాసేయడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్లకు ఒక మాట. 1982లో మొదలైన మన ఓపెన్ యూనివర్సిటీలో, అంటే ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, తెలుగు మీడియం ఇంగ్లిష్ మీడియం రెండూ ఉండటంతో, చేరేటప్పుడే ఏదో ఒకటి ఎంచుకుని ఉంటారు. స్టడీ సెంటరు ఏ కాలేజీలో ఉన్నా, ఉత్తరం ఆ కాలేజీ ఇవ్వలేదు. అది ప్రధాన కార్యాలయం నుంచే రావాలి.

చివరగా, చదివిన కాలేజీ మూతబడినవాళ్ల సంగతి. ఈ పదేళ్లలో చాలా ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసుకున్నాయి. ప్రిన్సిపాలు లేడు, లెటర్‌హెడ్డు లేదు, బిల్డింగులో ఇప్పుడు ఫంక్షన్ హాలు నడుస్తోంది. కంగారుపడకండి. మీరు ప్రతి సంవత్సరం పరీక్ష ఫీజు కట్టేటప్పుడు నింపిన దరఖాస్తులో పరీక్ష ఏ మీడియంలో రాస్తారో మీ చేత్తోనే రాశారు. ఆ దరఖాస్తు వెళ్లింది యూనివర్సిటీకే. హాల్‌టికెట్ నంబరు, పరీక్ష రాసిన నెల, సంవత్సరం, కాలేజీ కోడు, ఈ నాలుగూ దరఖాస్తులో స్పష్టంగా రాసి, కాలేజీ మూతబడిందన్న మాట మొదటి వాక్యంలోనే చెప్పండి. లేకపోతే కౌంటరులో ఉన్నవాళ్లు "ముందు ప్రిన్సిపాలు ఫార్వర్డింగ్ లెటరు తీసుకురండి" అని వెనక్కి పంపిస్తారు.